పులి–మేక ఆట ప్లే స్టోర్‌కి వెళ్లేముందు

మా మేనల్లుడు చదువుకుంటూనే పులి–మేక ఆటను ఫోన్‌లోకి తెచ్చాడు. అరుగు బండల మీద సుద్దతో గీసుకుని ఆడేవాళ్లమే, ఆ ఆటే: 3 పులులు, 15 మేకలు. గూగుల్ ప్లేలో 25 డాలర్లు కట్టి ఖాతా తెరిచాడు. "ఆట అయిపోయింది కదా మామయ్యా, ఈ ఫారాలు గంట పని" అన్నాడు. ఇద్దరం కూర్చుంటే రెండు రాత్రులు పట్టింది.

ముందు పేరు. 30 అక్షరాలు దాటకూడదు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. 'పులి' కంటికి రెండక్షరాలు, లెక్కలో నాలుగు. వాడు పేరులోనే 'నంబర్ వన్', 'ఉచితం' అని చేర్చాడు. పేరులోనూ ఐకాన్‌లోనూ అలాంటి మాటలు స్టోర్ ఒప్పుకోదు. చివరికి 'పులి మేక: ఇద్దరాడే పల్లె ఆట' అని పెట్టాం, 27 అక్షరాలు. చిన్న వివరణకు 80, పెద్దదానికి 4,000 అక్షరాల చోటుంటుంది. స్క్రీన్‌షాట్లు మాత్రం ఆటలో నిజంగా కనిపించేవే పెట్టాలి.

తర్వాత వయసు రేటింగ్. ఐఏఆర్‌సీ అనే సంస్థ ప్రశ్నావళి నింపితే దేశాన్నిబట్టి రేటింగులు అక్కడికక్కడే వస్తాయి. హింస ఉందా అన్న ప్రశ్నకు మావాడు 'లేదు' అని నొక్కబోయాడు. కానీ పులి మేకను పట్టినప్పుడు తెరమీద ఎర్రటి చుక్కలు చిందుతున్నాయి! ఆ బొమ్మ తీసేయాలి, లేదా ఉందని చెప్పాలి. తీసేశాడు. ఆటకు ముందు 100 నాణేలు పందెం కాసే ఏర్పాటు కూడా పెట్టుకున్నాడు. అవి ఉత్తుత్తి నాణేలే. అయినా జూదాన్ని పోలిన ఆట ఉందా అని ప్రశ్నావళి విడిగా అడుగుతుంది, ఔనంటే రేటింగ్ పైకి పోతుంది. పందెమూ తీసేశాం. 3+ వచ్చింది.

తికమక అసలు ఇక్కడే మొదలవుతుంది. ఆట ఎవరికోసమని అడిగే ఇంకో ఫారం ఉంది. 3+ వచ్చింది కదా అని వాడు అన్ని వయసులకూ టిక్కు పెట్టేశాడు. 3+ అంటే అభ్యంతరకరమైనదేమీ లేదని మాత్రమే, మూడేళ్ల పిల్లల కోసం చేశామని కాదు. 13 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకుంటే ఫ్యామిలీస్ నిబంధనలు వర్తిస్తాయి: పిల్లలకు చూపే ప్రకటనలకు గూగుల్ జాబితాలోని ప్రకటనల లైబ్రరీలే వాడాలి, పిల్లల ఫోన్ నుంచి ప్రకటనల ఐడీ బయటికి పంపకూడదు. అందుకే 13 దాటినవారికే అని మార్చాం. అప్పుడు ఐకాన్ అడ్డొచ్చింది. పెద్ద కళ్లతో నవ్వే పులిపిల్ల! అది చూసి చిన్నపిల్లలు రారా అని ఆ ఫారమే అడుగుతుంది. దాని బదులు గీతల పటం మీద మూడు రాళ్లు గీయించాను. మన దేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో పిల్లలంటే 18 లోపువారంతా. వాళ్లను గురిపెట్టి ప్రకటనలివ్వడం ఆ చట్టం వద్దంటుంది. కాబట్టి అలవాట్లనుబట్టి చూపే ప్రకటనల్ని అందరికీ ఆపేయించాను.

రెండో రాత్రంతా డేటాకే పోయింది. డేటా సేఫ్టీ ఫారంలో వాడు 'ఏమీ సేకరించం' అని రాశాడు. అబద్ధమాడాలని కాదు, వాడు రాసిన కోడ్ నిజంగానే ఏదీ అడగదు. ఆండ్రాయిడ్ స్టూడియోలో `AndroidManifest.xml` తెరిచి, కింద ఉన్న `Merged Manifest` నొక్కమన్నాను. వాడు రాయని వరుస ఒకటి కనబడింది: `com.google.android.gms.permission.AD_ID`. ప్రకటనల లైబ్రరీ వెంటబెట్టుకొచ్చిన అనుమతి అది. ఆ లైబ్రరీ ఐపీ చిరునామానుబట్టి మనిషి ఏ ప్రాంతంలో ఉన్నాడో అంచనా వేస్తుంది, ఏ ప్రకటన చూశాడో గుర్తుపెట్టుకుంటుంది. లైబ్రరీ తీసుకున్నా బాధ్యత మనదే. స్కోర్లు ఫోన్ దాటి పోవు కాబట్టి వాటిని సేకరణగా చూపనక్కర్లేదు.

ఏ డేటా తీసుకోకపోయినా ప్రైవసీ పాలసీ తప్పనిసరి. అది అందరికీ తెరుచుకునే వెబ్ పేజీగా ఉండాలి, పీడీఎఫ్ చెల్లదు. ఎక్కడినుంచో నకలు తెచ్చిన పాలసీలో 'మీ కాంటాక్టులు, కెమెరా' అని ఉంది. ఈ ఆటకు కెమెరా ఎందుకు? అది పారేసి మా మాటల్లో రాశాం: "ఈ ఆట మీ పేరు, ఫోన్ నంబరు అడగదు. మీ స్కోర్లు మీ ఫోన్‌లోనే ఉంటాయి, ఆట తీసేస్తే అక్కడినుంచి పోతాయి. ప్రకటనలు చూపే సంస్థ మీ ప్రకటనల ఐడీ, ఐపీ చిరునామా తీసుకుంటుంది." ఆ సంస్థ పేరు, డేటా ఎన్నాళ్లు ఉంటుంది, ఎలా తీసేయించుకోవాలి, ఎవరికి మెయిల్ రాయాలి అన్నవీ చేర్చాం. స్టోర్‌లో కనిపించే డెవలపర్ పేరో, ఆట పేరో పాలసీలోనూ ఉండాలి.

కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతా కావడంతో విడుదలకు ముందు 12 మందితో 14 రోజులు ఆడించాల్సి వచ్చింది. పదో రోజున ఆట ఎక్కడ ఆగిపోతోందో తెలుసుకుందామని మావాడు ఇంకో లైబ్రరీ చేర్చాడు. ఆ సాయంత్రమే `Merged Manifest` మళ్లీ తెరిచి చూశాడు. ఆ లైబ్రరీ పత్రాలు చదివి, డేటా సేఫ్టీలో ఒక టిక్కు, పాలసీలో రెండు వాక్యాలు కలిపి, పేజీ పైన తేదీ మార్చాడు.