రాత్రికి రాత్రే దాటిపోయిన స్టాప్‌లాస్

2022 ఫిబ్రవరి 2న అమెరికా మార్కెట్ ముగిసేసరికి ఫేస్‌బుక్ యజమాని మెటా షేరు ధర 323 డాలర్లు. గంట కొట్టాక కంపెనీ ఫలితాలు వచ్చాయి, నిరాశపరిచాయి. మర్నాడు షేరు తెరుచుకున్నదే 244.65 దగ్గర.

ఒకరి దగ్గర 100 షేర్లున్నాయనీ, 300 దగ్గర స్టాప్‌లాస్ పెట్టారనీ అనుకుందాం. నష్టం 2,300 డాలర్లు దాటదని వారి ధీమా. కానీ స్టాప్ ధరకు హామీ కాదు. ధర ఆ గీత తాకితే అమ్మేయమనే ఆదేశం మాత్రమే. 300 దగ్గర కొనేవారే లేరు కాబట్టి అమ్మకం 244 ప్రాంతంలో జరుగుతుంది, నష్టం 7,800 దాటుతుంది. 298కి తక్కువైతే అమ్మొద్దని లిమిట్ పెడితే ఇంకా ఇబ్బంది: షేర్లు చేతిలోనే మిగిలిపోతాయి.

పాత ధరలతో పరీక్షించే ప్రోగ్రాములు కొన్ని ఇక్కడే బోల్తా పడతాయి. ఆనాటి కనిష్ఠ ధర స్టాప్ కంటే తక్కువైతే చాలు, 300కే అమ్మినట్టు రాసుకుంటాయి. కాగితం మీద లాభాలు అందంగా కనబడేది అందుకే! స్టాప్ తగిలిన రోజున రాయాల్సింది ఇది:

```
fill = min(open, stop)
```

అయితే బోనస్, షేర్ల విభజన వల్ల పడిన ధరను గ్యాప్‌గా లెక్కించకూడదు. ముందు పాత ధరలను సవరించుకోవాలి.

ఫలితాల తేదీ ముందే తెలుస్తుంది. ఆ రాత్రికి స్టాప్‌ను నమ్ముకోకండి, షేర్ల సంఖ్య తగ్గించుకోండి.