మీకు తెలుసా? కోడిగుడ్డు ఉన్న కేకు మాంసాహారమే!

మన దేశంలో ప్యాకెట్ ఆహారంపై పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క ఉంటే అది శాకాహారం. గోధుమ రంగు చతురస్రంలో అదే రంగు త్రిభుజం ఉంటే మాంసాహారం. ఒకప్పుడు మాంసాహారానికీ చుక్కే ఉండేది. అయితే ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియనివారికి ఆ రెండు చుక్కలూ ఒకేలా కనిపించేవి. అందుకే ఆహార భద్రతా సంస్థ 2020 నాటి లేబుల్ నిబంధనల్లో ఆకారాన్నే మార్చింది.

ఈ నిబంధనల ప్రకారం జంతువులు, పక్షులు, చేపలతో పాటు గుడ్డు కూడా మాంసాహారమే. పాలు, పాల పదార్థాలు, తేనె మాత్రం మినహాయింపు. అందువల్ల పన్నీరు ప్యాకెట్‌పై పచ్చ చుక్క, గుడ్డు వేసిన కేకుపై త్రిభుజం కనిపిస్తాయి. గుడ్డు తప్ప మరే మాంసాహారమూ లేకపోతే, ఆ సంగతిని తయారీదారు గుర్తుతో పాటు విడిగా తెలపవచ్చు.

గుడ్డు కొందరికి అలర్జీ కలిగిస్తుంది. కాబట్టి ‘గుడ్డు ఉంది’ అని లేబుల్‌పై ప్రకటించడం తప్పనిసరి. గుడ్డు పడనివారు కేకు, మయోనైజ్, నూడుల్స్ కొనేటప్పుడు గుర్తుతో సరిపెట్టుకోకుండా పదార్థాల జాబితా కింద ఉండే ఆ ప్రకటననూ చదవాలి.