పునర్వసా... పుష్యమా?

సాహితిది భీమవరం, ప్రదీప్‌ది తణుకు. హైదరాబాద్‌లో ఒకే ఆఫీసు, మూడేళ్ల పరిచయం. ఇంట్లో చెప్పడానికి ఇద్దరూ భయపడ్డారు గానీ, చెప్పాక పెద్ద గొడవేం కాలేదు. రెండు ఇళ్లవాళ్లూ ఒకసారి కలిసి కాఫీలు తాగారు. ‘జాతకాలు ఒక్కసారి చూపించేస్తే ముహూర్తం పెట్టుకోవచ్చు’ అన్నారు. ఆ ‘ఒక్కసారి’ దగ్గరే కథ ఆగిపోయింది.

వారం తర్వాత అమ్మ ఫోన్ చేసింది. గొంతు మామూలుగా లేదు.

“ఏకనాడి అంటమ్మా. సిద్ధాంతి గారు వద్దంటున్నారు.”

సున్నా ఎక్కడ పడింది?

సాహితికి జాతకాల గురించి పెద్దగా తెలీదు. ఆ రాత్రే ప్రదీప్‌తో కూర్చుని యాప్‌లో ఇద్దరి వివరాలూ కొట్టింది. సాహితి పునర్వసు నాలుగో పాదం, కర్కాటక రాశి. ప్రదీప్ హస్త, కన్యా రాశి. కింద పట్టిక వచ్చింది.

పెళ్లి పొంతనలో చూసేవి ఎనిమిది కూటాలు. మొదటిదైన వర్ణానికి ఒక మార్కు, తర్వాత వశ్యానికి రెండు, అలా ఒక్కొక్కటీ పెరుగుతూ ఆఖరిదైన నాడికి ఎనిమిది. మొత్తం 36. కనీసం 18 వస్తే పర్లేదంటారు. వీళ్లకి 18 దాకా వచ్చాయి. గణం ఇద్దరిదీ దేవగణమే, ఆరుకి ఆరు. రాశులు కూడా కలిశాయి, ఏడుకి ఏడు. నాడి దగ్గర మాత్రం ఎర్ర రంగులో సున్నా.

“పాసయ్యాం కదా?” అన్నాడు ప్రదీప్.

“నాడి పోతే మిగతావి ఎన్నొచ్చినా లెక్కలోకి రావట. సంతానానికి మంచిది కాదట.”

నాడి అంటే ఏదో రక్తానికి సంబంధించిందని ప్రదీప్ అనుకున్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి ఆ లెక్కలో రక్తం లేదు, శరీరం లేదు. ఉన్న 27 నక్షత్రాలనీ ఆది, మధ్య, అంత్య అని మూడు గుంపులు చేశారు, గుంపుకి తొమ్మిది. పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉంటే మీ నాడి అదే. అబ్బాయిదీ అమ్మాయిదీ ఒకే గుంపైతే సున్నా, వేరైతే ఎనిమిది. మధ్యలో మార్కులు లేవు. పునర్వసు, హస్త రెండూ ఆదినాడి.

ప్రదీప్ కాసేపు వేళ్ల మీద లెక్కేశాడు. “మూడే గుంపులు కదా. అంటే ఎవరినైనా ఇద్దర్ని కళ్లు మూసుకుని తీసినా, ఇంచుమించు ప్రతి మూడు జంటల్లో ఒకదానికి ఇదే సున్నా వస్తుంది. మన ఆఫీసులో పెళ్లైనవాళ్లు ఎంతమందున్నారు?”

సాహితి నవ్వలేదు. “ఈ లెక్క అమ్మకి చెప్పి చూడు.”

ఒక్క సెట్టింగ్

రెండ్రోజుల తర్వాత అర్ధరాత్రి ప్రదీప్ నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది. అదే యాప్, అదే పుట్టిన తేదీ, అదే టైం. కానీ సాహితి నక్షత్రం పునర్వసు కాదు, పుష్యమి. నాడి దగ్గర ఎనిమిదికి ఎనిమిది!

“టైం మార్చావా?” అని అడిగింది.

“లేదు. ఒక్క సెట్టింగ్ మార్చానంతే.”

ఆ సెట్టింగ్ పేరు అయనాంశ. రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో, అంటే సున్నా డిగ్రీ ఎక్కడ పెట్టాలో చెప్పే లెక్క అది. దాని మీద జ్యోతిష్కుల్లోనే ఒక మాట లేదు. కేంద్ర ప్రభుత్వ పంచాంగం వాడేది లాహిరి. బెంగళూరు జ్యోతిష్కుడు బి.వి.రామన్ లెక్క వేరు. రెండిటికీ తేడా ఒకటిన్నర డిగ్రీకి కొంచెం తక్కువ. చిన్న తేడానే అనిపిస్తుంది గానీ, ఆ దూరం నడవడానికి చంద్రుడికి రెండు గంటలకు పైనే పడుతుంది.

చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి సుమారు ఒక రోజు తీసుకుంటాడు. నక్షత్రం మధ్యలో పుట్టినవాళ్లకి ఈ తేడా వల్ల ఏమీ మారదు. ప్రదీప్ అలాంటివాడే, ఏ సెట్టింగ్ పెట్టినా హస్తే. సాహితి మాత్రం అంచు మీద పుట్టింది. తెల్లవారుజామున 4:40కి. లాహిరి ప్రకారం ఆ రోజు పునర్వసు 6:10 దాకా ఉంది. రామన్ ప్రకారం నాలుగు కొట్టకముందే అయిపోయింది.

“ఈ పీడీఎఫ్ ఇంకో సిద్ధాంతికి పంపిద్దాం. అబద్ధం కూడా కాదు. ఇదీ ఒక శాస్త్రమే కదా” అన్నాడు ప్రదీప్.

సాహితి చాలాసేపు రిప్లై ఇవ్వలేదు. కాసేపటికి కాల్ చేసింది.

“మనకి కావలసిన జవాబు వచ్చేదాకా సెట్టింగ్ మారుస్తూ పోయాం. వచ్చాక ఆపేశాం. అంటే నిర్ణయించింది మనమే కదా, చంద్రుడు కాదు. ఆ మాట ఇంట్లో సూటిగా చెప్పడానికి భయపడి పీడీఎఫ్ వెనక దాక్కుంటున్నాం.”

“తప్పేముంది? పెళ్లి జరగాలి కదా!”

“జరుగుతుంది. తర్వాత ఎప్పుడో ఏదో ఒకటి అవుతుంది. ఎవరికైనా అవుతుంది. అప్పుడు మీ ఇంట్లోనో మా ఇంట్లోనో ఎవరో ఒకరు పాత సెట్టింగ్‌లో చూస్తారు. అప్పుడు నాది దోషం ఉన్న జాతకమే కాదు, దాచిపెట్టిన జాతకం కూడా అవుతుంది.”

అమ్మ చెప్పని మాట

శనివారం సాహితి భీమవరం వెళ్లింది. యాప్‌లో రెండు పట్టికలూ అమ్మకి చూపించింది. తనని నమ్మించడానికి కాదని ముందే చెప్పింది. అమ్మ ఓపిగ్గా విన్నది. ఆఖర్న ఒక్కటే అంది, “నువ్వు చెప్పేది నాకు అర్థమైందే. అయినా నాకు భయం పోదు.”

“ఎందుకమ్మా?”

అమ్మ బియ్యం చేట పక్కన పెట్టింది.

“నీకంటే ముందు ఒక బాబు పుట్టాడు. ఎనిమిది రోజులున్నాడు. ఆ సంగతి నీకు తెలుసు. తెలీనిది ఏంటంటే, మా పెళ్లికి పొంతన చూడలేదు. మీ తాతగారు స్నేహితులు కదా, మాట అనేసుకున్నారు. బాబు పోయాక మీ నానమ్మ జాతకాలు తీయించింది. ఏకనాడి అన్నారు. ఇక అప్పట్నుంచి నువ్వు పుట్టేదాకా, నువ్వు పుట్టాక కూడా, ఏ చుట్టం వచ్చినా నా ముందే ఆ మాట. ‘జాతకం కలవని పిల్లని తెచ్చుకున్నాం’ అని. మీ నాన్న ఒక్కరోజు కూడా అడ్డుపడలేదు. నీకు దోషం తగులుతుందని కాదే నా భయం. ఆ మాట తగులుతుందని.”

సాహితికి గొంతు పట్టేసింది. వరండాలో పేపర్ చదువుతున్న నాన్న పేజీ తిప్పడం ఆపేశారు. లోపలికి మాత్రం రాలేదు.

ఆ రాత్రి ప్రదీప్‌కి అంతా చెప్పింది. “నాడి గురించి నాకు డౌట్ లేదు. నీ గురించే అడగాలి. రేపు ఏదైనా జరిగితే, మీ అమ్మగారు ఆ మాట అంటే, నువ్వు పేపర్ చదువుతూ కూర్చుంటావా?”

ప్రదీప్ వెంటనే ‘లేదు’ అనలేదు. అదే ఆమెకి నచ్చింది. “మా అమ్మతో ఇప్పుడే మాట్లాడాలి. పెళ్లయ్యాక కాదు” అన్నాడు.

రెండు కాగితాలు

రెండు కుటుంబాలూ మళ్లీ కూర్చున్నాయి, ఈసారి సిద్ధాంతి గారి ఇంట్లోనే. సాహితి రెండు పట్టికలూ ఆయన ముందు పెట్టింది. ఆయన కోప్పడలేదు. “నేను వాడే పంచాంగంలో నువ్వు పునర్వసే తల్లీ. వేరే లెక్కలో పుష్యమి కావొచ్చు, కాదనను. ఏకనాడికి మినహాయింపులు కూడా ఉన్నాయి. నక్షత్రం ఒకటే అయి పాదాలు వేరైతే కొందరు దోషం లేదంటారు. మీకు అది వర్తించదు. శాంతి చేయించి చేసుకునేవాళ్లున్నారు. నా మాట నేను చెప్పాను. చేసుకోవాలో వద్దో మీ ఇష్టం” అన్నారు.

అప్పుడు ప్రదీప్ ఇంకో కాగితం తీశాడు. అంతకుముందు వారం ఇద్దరూ చేయించుకున్న రక్తపరీక్ష రిపోర్టు.

“సంతానం గురించే కదండీ అందరి భయం. డాక్టర్‌ని అడిగాం. తలసీమియా పరీక్ష రాశారు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే పుట్టే ప్రతి బిడ్డకీ ఆ జబ్బు తీవ్రంగా వచ్చే అవకాశం నాలుగో వంతు. ఒక్కరే అయితే ఆ ప్రమాదం లేదు. నాకు లేదు. సాహితికి ఉంది, క్యారియర్. తనకి జబ్బేం కాదు.”

గది నిశ్శబ్దమైపోయింది. సాహితి తల వంచుకోలేదు. ఆ రిపోర్టు దాచొద్దని పట్టుబట్టింది తనే.

ప్రదీప్ వాళ్ల అమ్మ కాగితం అందుకుని చదివారు. అర్థంకాక మళ్లీ చదివారు. “అంటే పిల్లలకి ఏమవుతుంది?”

“మాకు పుట్టే పిల్లలు కూడా తనలా క్యారియర్ కావొచ్చు, కాకపోవచ్చు. ఈ పరీక్ష చూసేది తలసీమియా ఒక్కదాన్నే. మిగతా వాటికి ఎవరం గ్యారంటీ ఇవ్వలేం, ఏ జంటకీ ఇవ్వలేరు. కానీ ఏం జరిగినా అది సాహితి జాతకమనో, సాహితి రక్తమనో అనే మాట మన ఇంట్లో రాకూడదమ్మా. వస్తుందనుకుంటే ఇప్పుడే చెప్పు. మేం పెళ్లి మానం, విడిగా ఉంటాం.”

ఆవిడ ముఖం ఎర్రబడింది. “పదిమంది ముందు అడుగుతావా?” అన్నారు. కాసేపాగి, సాహితి వాళ్ల అమ్మ వైపు చూశారు. ఆమె చీరకొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఎందుకో ఎవరూ చెప్పకుండానే ఆవిడకి కొంత అర్థమైనట్టుంది.

“అనను. అంటే గుర్తుచెయ్” అన్నారు, సగం కోపంగానే.

ఆ మాటకి సాహితి నాన్న లేచి నిలబడ్డారు. ఏదో చెప్పబోయి చెప్పలేకపోయారు. వెళ్లి భార్య పక్కన కూర్చున్నారు. అంతే. కానీ సాహితికి తెలిసి ఆయన పదిమందిలో అలా కూర్చోవడం అదే మొదటిసారి.

సిద్ధాంతి గారు పంచాంగం తెరిచారు. ముహూర్తానికి తారాబలం చూడాలంటే పెళ్లికూతురి నక్షత్రం కావాలి. కళ్లజోడు సర్దుకుని, ఏదో ఒకటి మీరే చెప్పండన్నట్టు అందరివైపూ చూశారు.

“అమ్మాయి నక్షత్రం?”

జవాబు సాహితి చెప్పలేదు, ప్రదీప్ చెప్పలేదు. అమ్మ చెప్పింది.

“పునర్వసు. నాలుగో పాదం.”