ఏజెంటు కార్డు మీద ఆ నంబరు ఎవరిది?

విజిటింగ్ కార్డు మీద ‘రెరా సర్టిఫైడ్ ఏజెంట్’ అని కనబడితే చాలామంది ఇంకేమీ అడగరు. ప్రభుత్వం ఒప్పుకున్న మనిషే కదా అనుకుని అడ్వాన్సు ఎంత ఇవ్వాలో మాట్లాడటం మొదలుపెడతారు. నిజానికి ఆ మాట వెనక రెండు కాగితాల్లో ఏదైనా ఉండొచ్చు. ఒకటి రాష్ట్ర రెరా అథారిటీ ఇచ్చిన రిజిస్ట్రేషన్. రెండోది ఏదో శిక్షణ సంస్థ కొన్ని గంటల పాఠాలు చెప్పి చేతికిచ్చిన కోర్సు సర్టిఫికెట్. మొదటిది లేకుండా రెరా ప్రాజెక్టులో ఫ్లాటు గానీ ప్లాటు గానీ అమ్మిపెట్టడం నేరుగా చట్టాన్ని మీరడమే. రెండోది ఉన్నంత మాత్రాన అమ్మే హక్కు రాదు.

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. మనం రెరా అంటున్నది దీన్నే. ఇందులో 9వ సెక్షన్ ఏజెంట్లకు సంబంధించింది. బిల్డర్ అమ్ముతున్న ప్రాజెక్టులో కొనుగోలుకు మధ్యవర్తిగా నిలబడాలంటే ముందుగా రెరాలో రిజిస్టర్ కావాలని అది చెబుతుంది. ఏజెంటు అంటే ఎవరన్నది కూడా చట్టం చాలా విశాలంగానే రాసింది. బ్రోకర్, డీలర్, మధ్యవర్తి ఇలా ఏ పేరు పెట్టుకున్నా, ఏ మాధ్యమం ద్వారా అయినా కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలిపి ప్రతిఫలం తీసుకుంటే ఏజెంటే. కాబట్టి వీడియోలు చేసి కస్టమర్లను పంపి కమీషన్ తీసుకునేవాళ్లూ, ఆఫీసులో పనిచేస్తూ సాయంత్రాలు వెంచర్లు చూపించే బాబాయిలూ ఇందులోకే వస్తారు.

రిజిస్ట్రేషన్‌కు ఏం కావాలి? తెలంగాణలో 2017 నాటి నిబంధనల ప్రకారం పాన్ కార్డు, ఫొటో, వ్యాపారం చేసే చోటు చిరునామాకు రుజువు, గత మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు పెట్టి దరఖాస్తు చేయాలి. వ్యక్తి అయితే ఫీజు 10 వేల రూపాయలు, సంస్థ అయితే 50 వేలు. మంజూరైతే ఐదేళ్లు చెల్లుతుంది, ఆ రాష్ట్రమంతటా పనికొస్తుంది. పక్క రాష్ట్రంలో మాత్రం పనికిరాదు. హైదరాబాద్‌లో రిజిస్టరైన ఏజెంటు విజయవాడలోని ప్రాజెక్టును అమ్మిపెట్టాలంటే ఆంధ్రప్రదేశ్ రెరాలో విడిగా రిజిస్టర్ కావాల్సిందే.

ఈ పత్రాల్లో చదువు గురించి, పరీక్ష గురించి ఎక్కడా లేదు. ఇది కొనేవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. రెరా నంబరు ఉన్న ఏజెంటుకు లింకు డాక్యుమెంట్లు చదవడం వచ్చని గానీ, అవిభాజ్య వాటా అంటే ఏమిటో తెలుసని గానీ ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆ నంబరు చెప్పేది ఒక్కటే. ఈ మనిషి ఎవరో ప్రభుత్వానికి తెలుసు, తప్పు చేస్తే పిలిపించి అడుగుతుంది, కావాలంటే ఆ నంబరు తీసేస్తుంది. కోర్సు సర్టిఫికెట్ సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. ఏజెంటు నాలుగు పాఠాలు విన్నాడని అది చెప్పొచ్చు, బాగా నేర్చుకునీ ఉండొచ్చు. కానీ ఆయన మిమ్మల్ని మోసం చేస్తే శిక్షణ సంస్థ ఆ సర్టిఫికెట్ వెనక్కి తీసుకున్నా ఆయన వ్యాపారం ఒక్కరోజు కూడా ఆగదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నగర శివారులో 60 లక్షల ఫ్లాటు. ఇంకా రెరా నంబరు రాలేదు, ‘ప్రీ లాంచ్’ కాబట్టి ఇప్పుడే కడితే చవక అని ఏజెంటు చెబుతాడు. గోడమీద ఫ్రేము కట్టించిన కోర్సు సర్టిఫికెట్ చూపిస్తాడు. అతని రిజిస్ట్రేషన్ కూడా సక్రమంగానే ఉందనుకుందాం. అయినా ఈ అమ్మకం తప్పే. రిజిస్టర్ కాని ప్రాజెక్టులో అమ్మకానికి ఏజెంటు సాయం చేయకూడదని 10వ సెక్షన్ చెబుతోంది. 500 చదరపు మీటర్లు దాటని స్థలానికీ, ఎనిమిది ఫ్లాట్లకు మించని కట్టడానికీ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. మన ఉదాహరణలోది పెద్ద టవర్, మినహాయింపు వర్తించదు.

ఇలాంటి ఏజెంటుకు 62వ సెక్షన్ కింద తప్పు కొనసాగిన ప్రతి రోజుకూ 10 వేల రూపాయల జరిమానా పడుతుంది. మొత్తం కలిపి ఆ ఫ్లాటు ఖరీదులో 5 శాతం వరకూ వెళ్లొచ్చు. 60 లక్షలకు 5 శాతమంటే 3 లక్షలు. రోజుకు 10 వేల లెక్కన ముప్పై రోజుల్లోనే ఆ హద్దు చేరుతుంది. రిజిస్ట్రేషనే లేకుండా అమ్మినవాళ్లకూ ఇదే లెక్క. అయితే ఈ జరిమానా ప్రభుత్వ ఖాతాకు వెళుతుంది, కొన్నవాళ్ల చేతికి రాదు. మీ డబ్బు వెనక్కి రావాలంటే బిల్డర్ మీద విడిగా కోరాలి. జరిమానా ఉంది కదా అని ధైర్యంగా అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

మరి నంబరు ఎలా చూడాలి? బ్రోచర్ల మీద పెద్ద అక్షరాలతో రెరా నంబరు ఉంటుంది. చాలాసార్లు అది ప్రాజెక్టుది, ఏజెంటుది కాదు. తెలంగాణలో ప్రాజెక్టు నంబరు P అక్షరంతో, ఏజెంటు నంబరు A అక్షరంతో మొదలవుతాయి. P నంబరే తన లైసెన్సు అన్నట్టు కార్డు మీద వేసుకునే ఏజెంటు దగ్గర ఆ ఒక్క అక్షరంతోనే విషయం తేలిపోతుంది. rera.telangana.gov.in లోనో, rera.ap.gov.in లోనో రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో పేరు వెతికి, కార్డు మీది పేరుతో సరిపోయిందో లేదో, గడువు తీరిపోయిందో లేదో చూడండి. సంస్థ తరఫున వచ్చిన కుర్రాడైతే ఆ సంస్థ నంబరు అడగండి. నంబరు చెప్పడం అతని దయ కాదు, తాను కుదిర్చే ప్రతి అమ్మకంలోనూ ఏజెంటు తన నంబరు పేర్కొనాలని చట్టమే చెప్పింది.

చదువూ లైసెన్సూ కలవకూడదని ఏమీ లేదు. మహారాష్ట్ర రెరా 2023 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో అక్కడ ఏజెంట్లు 20 గంటల శిక్షణ తీసుకుని, పరీక్ష పాసై, సామర్థ్య ధ్రువపత్రం తెచ్చుకోవాల్సి వచ్చింది. గడువులోగా తేనివాళ్ల రిజిస్ట్రేషన్లను 2024లో నిలిపేశారు కూడా. అక్కడ కోర్సు ఇష్టమైతే చేసేది కాదు, లైసెన్సుకు మొదటి మెట్టు. అయినా పరీక్ష పాసైనంత మాత్రాన అమ్మే అధికారం రాదు. ఆ పత్రం జతచేసి రెరాలో రిజిస్టర్ కావాలి. మన దగ్గర కూడా ఇలాంటి పరీక్ష పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. జీవితకాలపు పొదుపును ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషికి ఈసీ చదవడం రావాలనుకోవడం అత్యాశ కాదు.

ఒక హద్దు మాత్రం ఉంది. రెరా రిజిస్ట్రేషన్ అవసరమయ్యేది బిల్డర్ అమ్మే ప్రాజెక్టులకే. పక్క వీధిలో పదేళ్లనాటి ఫ్లాటును యజమాని తిరిగి అమ్ముతుంటే ఆ మధ్యవర్తికి 9వ సెక్షన్ వర్తించదు. పొలం బేరాలూ అంతే. అలాంటి చోట నంబరు లేదని ఏజెంటును దొంగ అనలేం, ఉందని నమ్మేయనూలేం. అక్కడ న్యాయవాది చేత పత్రాలు చదివించుకోవడమే దారి.

బిల్డర్ ప్రాజెక్టు విషయంలో తేడా వస్తే, 31వ సెక్షన్ కింద ఏజెంటు మీద నేరుగా రెరాకు ఫిర్యాదు చేయొచ్చు. అందుకు ఏజెంటు ఇచ్చిన బ్రోచరు, డబ్బు పంపిన బ్యాంకు వివరాలు, రసీదు, వాట్సాప్‌లో ఇచ్చిన మాటలు అన్నీ పనికొస్తాయి. నోటు కట్టలతో ఇచ్చి రసీదు తీసుకోనివాళ్ల దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. బుకింగ్ రోజునే రసీదు మీద ఏజెంటు నంబరు రాయించుకోండి.