ఫొటో చూసి ర్యామ్‌ని, గ్రాఫిక్స్ కార్డుని గుర్తుపట్టడం: అపోహలు – వాస్తవాలు

మా మేనల్లుడు ఖమ్మం నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. "మామయ్యా, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో సగం రేటుకే దొరికింది. స్లాట్‌లో చక్కగా కూర్చుంది. కానీ సిస్టమ్ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ మానిటర్ మీద ఏమీ రావట్లేదు" అన్నాడు. ఎందుకు రావట్లేదో ఆ ఫొటోలోనే ఉంది. డబ్బు కట్టకముందే అదే ఫొటో చూసి ఉంటే కొనేవాడు కాదు. కొనేటప్పుడు చాలామందిని తప్పుదోవ పట్టించే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: స్లాట్‌లో పట్టిందంటే పనిచేస్తుంది.

వాస్తవం: మేనల్లుడు కొన్న స్టిక్ లేబుల్ మీద ఈ వరుస ఉంది:

```
16GB 2Rx4 PC4-2133P-RA0-10-DC0
```

ఇందులో `PC4` అంటే డీడీఆర్4. `2133` దాని వేగం. అసలు సంగతి `RA0`లో మొదటి అక్షరం చెబుతుంది. అక్కడ ఆర్ ఉంటే అది రిజిస్టర్డ్ ర్యామ్, అంటే సర్వర్ల కోసం చేసినది. మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ అయితే అదే చోట యు ఉంటుంది, ల్యాప్‌టాప్‌ది అయితే ఎస్. డీడీఆర్4లో సర్వర్ స్టిక్‌కీ డెస్క్‌టాప్ స్టిక్‌కీ పిన్నులు 288, మధ్యలో గంటు కూడా ఒకే చోట. అందుకే స్లాట్‌లో ఏ ఇబ్బందీ లేకుండా దిగిపోతుంది. ఇంట్లో వాడే మామూలు మదర్‌బోర్డుకి దానితో పనిచేయడం రాదు కాబట్టి సిస్టమ్ మాత్రం లేవదు. స్టిక్ చెడిపోయిందనుకోవద్దు. సరైన సర్వర్‌లో పెడితే అది బ్రహ్మాండంగా నడుస్తుంది. పాత సర్వర్లు తీసేసినప్పుడు ఇలాంటి స్టిక్‌లు మార్కెట్‌లోకి వస్తాయి, చవకగా దొరకడానికి కారణం అదే.

లేబుల్ చిరిగిపోయినా గుర్తుపట్టే దారి ఉంది. ఫొటోలో స్టిక్ మధ్యభాగం చూడండి. మెమరీ చిప్పులకు భిన్నమైన ఆకారంలో ఇంకో పెద్ద చిప్ అక్కడ ఒంటరిగా కనిపిస్తే అది రిజిస్టర్ చిప్. డెస్క్‌టాప్ స్టిక్‌లో అది ఉండదు.

అపోహ: చిప్పులు ఎక్కువ ఉంటే కెపాసిటీ ఎక్కువ.

వాస్తవం: 8 జీబీ స్టిక్ నాలుగు చిప్పులతోనూ వస్తుంది, ఎనిమిదితోనూ, పదహారుతోనూ వస్తుంది. ఎన్ని ఉండాలో లేబులే చెబుతుంది. `1Rx8` అనే ముక్కనే తీసుకోండి. మొదటి అంకె చిప్పులు ఎన్ని జట్లుగా ఉన్నాయో చెబుతుంది, దాన్నే ర్యాంక్ అంటారు. ఎక్స్ తర్వాతి అంకె ఒక్కో చిప్ ఒకేసారి ఎన్ని బిట్లు అందిస్తుందో చెబుతుంది. ఒక జట్టు మొత్తం 64 బిట్లు ఇవ్వాలి. 64ని 8తో భాగిస్తే 8. కాబట్టి `1Rx8` స్టిక్ మీద ఎనిమిది చిప్పులు ఉండాలి, `2Rx8` అయితే పదహారు, `1Rx16` అయితే నాలుగు.

మేనల్లుడి స్టిక్‌ని కూడా ఇలాగే లెక్కవేద్దాం. సర్వర్ ర్యామ్‌లో తప్పులు సరిదిద్దడానికి అదనంగా 8 బిట్లు ఉంటాయి, అంటే జట్టుకి 72. దాన్ని 4తో భాగిస్తే 18, రెండు జట్లకి 36 చిప్పులు. రెండు వైపులా ఫొటో తీయించి లెక్కపెట్టిస్తే, మధ్యలోని రిజిస్టర్ కాక సరిగ్గా 36 వచ్చాయి. లేబుల్ నిజమేనని అలా తేలింది.

ఈ లెక్క తప్పిందంటే అనుమానించాలి. లేబుల్ `1Rx8` అంటోంది, ఫొటోలో చిప్పులు నాలుగే ఉన్నాయి అనుకోండి. ఆ స్టిక్కర్ వేరే స్టిక్ మీది నుంచి వచ్చిందన్నమాట. అయితే రెండు వైపుల ఫొటోలూ లేకుండా ఆ నిర్ణయానికి రాకండి, మిగతా నాలుగూ వెనక ఉండొచ్చు.

అపోహ: 12800 అని రాసిన స్టిక్ 2400 అని రాసినదానికంటే వేగంగా ఉంటుంది.

వాస్తవం: ఇవి రెండు వేర్వేరు కొలతలు. డీడీఆర్3 లేబుల్ మీద `PC3-12800` అంటే సెకనుకు 12,800 మెగాబైట్లు. దాన్ని 8తో భాగిస్తే మనం మామూలుగా చెప్పుకునే 1600 వస్తుంది. డీడీఆర్4 లేబుల్ మీద `PC4-2400` అంటే నేరుగా 2400 వేగమే. కాబట్టి 12800 వేగంలో తక్కువది. ఇక్కడే ఇంకో అక్షరం కూడా చూడండి. `PC3L` అని ఎల్ ఉంటే ఆ స్టిక్ 1.35 వోల్టులకే పనిచేస్తుంది, ఎల్ లేకపోతే 1.5 వోల్టులు కావాలి. ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకు ఎల్ ఉన్నదే పెట్టాలి.

అపోహ: బోర్డు మీద అచ్చయిన నంబర్ వెతికితే మోడల్ తెలిసిపోతుంది.

వాస్తవం: ర్యామ్ మీదైనా గ్రాఫిక్స్ కార్డు మీదైనా తరచూ కనిపించే రాత `94V-0`. చాలామంది దాన్నే మోడల్ నంబర్ అనుకుని నెట్‌లో వెతుకుతారు. అది బోర్డు పదార్థం మంటను ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్. లక్షల బోర్డుల మీద అదే రాత ఉంటుంది. వెతకాల్సింది స్టిక్కర్ మీది పార్ట్ నంబర్‌ని. ఉదాహరణకు శాంసంగ్ ల్యాప్‌టాప్ స్టిక్ మీద `M471A1K43CB1-CRC` ఉంటుంది. శాంసంగ్ డీడీఆర్4 నంబర్లలో `M471` ల్యాప్‌టాప్‌ది, `M378` డెస్క్‌టాప్‌ది, `M393` సర్వర్‌ది. మేనల్లుడి స్టిక్ నంబర్ `M393`తోనే మొదలైంది.

అపోహ: గ్రాఫిక్స్ కార్డు పేరు ఒకటే అయితే కార్డూ ఒకటే.

వాస్తవం: ఎన్విడియా జీటీ 1030 దీనికి మంచి ఉదాహరణ. 2017లో అది జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. 2018లో అదే పేరుతో మామూలు డీడీఆర్4 మెమరీ పెట్టి ఇంకో కార్డు తెచ్చారు. మొదటిదాని మెమరీ సెకనుకు 48 గిగాబైట్లు అందిస్తే రెండోది 16.8 మాత్రమే. దాదాపు మూడో వంతు. గేములు ఆడేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. పైనుంచి తీసిన ఫొటోలో మాత్రం తెలియదు, మెమరీ చిప్పులు హీట్‌సింక్ కింద దాగి ఉంటాయి. అందుకని బోర్డు వెనక స్టిక్కర్ ఫొటో అడగాలి. గిగాబైట్ కంపెనీ కార్డు అయితే `GV-N1030D5-2GL` అనే నంబర్‌లో `D5` అంటే జీడీడీఆర్5, `GV-N1030D4-2GL`లో `D4` అంటే డీడీఆర్4. ఒక్క అంకెలోనే కార్డు మారిపోతోంది.

ఫొటోతో తేలనివీ ఉన్నాయి. పాత కార్డులోని బయోస్ మార్చి, కొత్త కార్డు పేరుతో అమ్మేవాళ్లున్నారు. అప్పుడు విండోస్ కూడా ఆ దొంగ పేరే చూపిస్తుంది. కొనే ముందు కార్డుని సిస్టమ్‌లో పెట్టించి జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపించి చూడండి. చిప్‌కీ పేరుకీ పొంతన లేదని అది పసిగడితే పేరు ముందు `[FAKE]` అని చూపిస్తుంది.

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర కొన్నా అడగాల్సిన ఫొటోలు మూడు: ముందు వైపు, వెనక వైపు, లేబుల్ దగ్గరగా. ఫ్లాష్ వద్దని చెప్పండి, స్టిక్కర్ మెరిసి అక్షరాలు మాసిపోతాయి. కిటికీ వెలుతురులో నిటారుగా తీస్తే చాలు. మేనల్లుడికి ఆ ర్యామ్ అమ్మినతను డబ్బు తిరిగివ్వలేదు. రెండోసారి మాత్రం వాడు ముందే మూడు ఫొటోలు పంపాడు, కింద ఒక్క మాట రాశాడు: "మామయ్యా, ఈసారి యు ఉంది, చిప్పులూ లెక్క సరిపోయాయి."