ప్రతికూల స్వాధీనం

ఇతరుల స్థలాన్ని యజమాని హక్కును ధిక్కరిస్తూ, బహిరంగంగా, ఎడతెగకుండా పన్నెండేళ్లు అనుభవిస్తే 1963 నాటి కాలపరిమితి చట్టం కింద అసలు యజమాని హక్కు కోల్పోవచ్చు. దీన్నే ప్రతికూల స్వాధీనం అంటారు. స్థలానికి దూరాన ఉన్న యజమానులకు ఈ పన్నెండేళ్ల కంటే ముఖ్యమైన గడువు మరొకటి ఉంది: ఆరు నెలలు. నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ ప్రకారం, స్థలం నుంచి అక్రమంగా వెళ్లగొట్టిన ఆరు నెలల్లోపు దావా వేస్తే హక్కు నిరూపించాల్సిన పని లేదు. స్వాధీనం మీదేనని చూపితే చాలు.

ఆ స్వాధీనాన్ని చూపడానికే కంచె అవసరం. డాలస్‌లో ఉండే వ్యక్తికి హైదరాబాద్ శివారులో 36 బై 50 అడుగుల ప్లాటు, అంటే 200 గజాలు ఉందనుకుందాం. చుట్టుకొలత 172 అడుగులు. ఎనిమిది అడుగులకో కడీ పాతితే 22 కావాలి. ముందు సర్వేయర్‌తో హద్దులు కొలిపించాలి. లేకపోతే పక్క ప్లాటులోకి జరిగి మనమే ఆక్రమణదారులం అవుతాం.

ప్లాటులో పెట్టే బోర్డు మీద పేరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఫోన్ చాలు. దస్తావేజు నంబరు రాయకపోవడమే మేలు, నకిలీ పత్రాలు పుట్టించేవారికి అది దారి చూపుతుంది. బంధువులెవరైనా మూడు నెలలకోసారి వెళ్లి తేదీ కనిపించేలా నాలుగు మూలలా ఫొటోలు తీయాలి. కాపలాదారు గుడిసె వేసుకుంటే, అనుమతితోనే ఉంటున్నట్టు కాగితం రాయించుకోవాలి. అనుమతితో ఉన్నంతకాలం అది ప్రతికూల స్వాధీనం కాదు.