మూడు కాగితాలు, ఒకే లెక్క

సరఫరాదారు బిల్లుకు డబ్బు కట్టే ముందు అకౌంట్స్ పేయబుల్ విభాగం మూడు కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఏ సరుకు, ఎంత, ఏ ధరకు కావాలో చెప్పేది పర్చేజ్ ఆర్డర్. లారీ దిగాక స్టోర్స్ వాళ్లు లెక్కపెట్టి, ఎంత తీసుకున్నారో రాసేది జీఆర్‌ఎన్. ఎంత ఇవ్వాలో సరఫరాదారు అడిగేది ఇన్‌వాయిస్. ధర విషయంలో పీవో మాటే చెల్లుతుంది, పరిమాణం విషయంలో జీఆర్‌ఎన్ మాటే చెల్లుతుంది. ఈ పనికే త్రీ-వే మ్యాచింగ్ అని పేరు.

పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ 500 బేరింగులకు, ఒక్కొక్కటి రూ.240 చొప్పున పీవో ఇచ్చిందనుకుందాం. ఇన్‌వాయిస్ 500 బేరింగులకే వచ్చింది కానీ ధర రూ.250 పడింది. సరుకు విలువ రూ.1,25,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.22,500, మొత్తం రూ.1,47,500. జీఆర్‌ఎన్‌లో ఉన్నవి 480 మాత్రమే. పీవో ధరకు, అందిన సరుకుకు లెక్క కడితే రూ.1,15,200, జీఎస్టీ రూ.20,736, మొత్తం రూ.1,35,936. తేడా రూ.11,564.

ఈ తేడాను ఒకే ముద్దగా చూస్తే ఎవరిని అడగాలో తెలియదు. విడదీస్తే దారి కనిపిస్తుంది. రాని 20 బేరింగులకు రూ.5,000, వచ్చిన 480 మీద పది రూపాయల చొప్పున రూ.4,800, మిగతా రూ.1,764 వీటి మీద పన్ను. మొదటిదానికి జవాబు స్టోర్స్ దగ్గర, రెండోదానికి కొనుగోలు విభాగం దగ్గర ఉంటుంది.

తప్పు ఇన్‌వాయిస్‌దేనని ముందే తీర్మానించుకోకూడదు. 20 తగ్గాయంటే గేటు రిజిస్టరు, లారీ రసీదు మీద దించుకున్నప్పుడు రాసిన మాట, డెలివరీ చలానా చూడాలి. ఒక పెట్టె తనిఖీ కోసం పక్కన పెట్టి, జీఆర్‌ఎన్‌లో ఎక్కించడం మరిచిపోయి ఉండవచ్చు. తేడా మరీ పెద్దదిగా, సరిగ్గా పది రెట్లో పన్నెండు రెట్లో ఉంటే మాత్రం అనుమానించాల్సింది యూనిట్‌ను: పీవోలో నగాల లెక్క, ఇన్‌వాయిస్‌లో పెట్టెల లెక్క ఉంటుంది. ధర పెంపుకు కొనుగోలు అధికారి ఫోన్‌లో ఒప్పుకొని, పీవో మార్చకుండా వదిలేయడం కూడా తరచూ జరిగేదే. అప్పుడు పీవోకు ఆమోదంతో సవరణ రావాలి. అకౌంట్స్ వాళ్లు తమంతట తాము ధర దిద్దితే, సరిచూడడానికి పెట్టిన మనిషే సరిచూడాల్సిన కాగితాన్ని మార్చినట్టవుతుంది.

మన ఫ్యాక్టరీలో విచారిస్తే పెంపుకు ఎవరూ ఒప్పుకోలేదని, 20 బేరింగులు నిజంగానే రాలేదని తేలింది. ఇక కొనుగోలుదారు తన పుస్తకాల్లో డెబిట్ నోట్ వేసుకుంటే సరిపోదు. సరఫరాదారు పన్ను తగ్గాలంటే జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ కింద అతనే క్రెడిట్ నోట్ ఇవ్వాలి. ఇన్‌వాయిస్‌లో రూ.22,500 కనిపిస్తోంది కదా అని ఫ్యాక్టరీ అంతా క్రెడిట్ తీసుకోకూడదు. అందని సరుకు మీద ఆ హక్కు లేదు. దానికి దక్కేది రూ.20,736.

తేడా తేలేదాకా బిల్లును హోల్డ్‌లో పెట్టి ఊరుకోవడమే చాలాచోట్ల జరిగే అసలు పొరపాటు. సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న తరహా తయారీదారుగా నమోదై ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి గడువు ఉండదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. సరుకు అందిన 15 రోజుల్లో అభ్యంతరాన్ని రాతలో తెలిపితే, సరఫరాదారు దాన్ని సరిచేసిన రోజు నుంచి గడువు లెక్క మొదలవుతుంది. రాతలో చెప్పకపోతే సరుకు అందిన రోజు నుంచే. ఫోన్‌లో చెప్పాం అంటే చెల్లదు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. అందుకే తేడా కనిపించిన రోజునే మెయిల్ వెళ్లాలి. వివాదం లేని రూ.1,35,936ను ఆపకుండా, మిగతాదాన్నే పక్కన పెట్టడం న్యాయం కూడా; చిన్న తయారీదారుకు ఆ డబ్బే జీతాలకు ఆధారం.

ప్రతి పైసా తేడాకూ ఇంత విచారణ అక్కర్లేదు. రౌండింగ్ వంటి వాటికి కంపెనీలు ముందే ఒక హద్దు పెట్టుకుంటాయి, ఆ లోపు ఉంటే బిల్లు దానంతటదే పాసవుతుంది. కాకపోతే ఒకే సరఫరాదారు బిల్లులు ప్రతిసారీ ఆ హద్దుకు కాస్త కిందే ఆగుతుంటే తీసి చూడాల్సిందే.

మిగిలిపోయినవి ఎక్కడ దొరుకుతాయంటే, జీఆర్‌ఐఆర్ అనే ఖాతాలో. జీఆర్‌ఎన్ పడ్డప్పుడు అక్కడ ఒక వైపు ఎక్కుతుంది, ఇన్‌వాయిస్ పడ్డప్పుడు రెండో వైపు చెల్లిపోతుంది. ఈ ఇన్‌వాయిస్‌ను 500కే ఎక్కించి ఉంటే, 20 బేరింగుల విలువ అక్కడ డెబిట్‌గా మిగిలి ఉంటుంది. తరువాతి లారీలో ఆ 20 వచ్చి జీఆర్‌ఎన్ పడాలి, లేదా క్రెడిట్ నోట్ రావాలి. అప్పటిదాకా ఆ పద్దు నెలనెలా జాబితాలో కనిపిస్తూనే ఉంటుంది.